నలభై ఒక్క మెయిళ్లు, రెండు లారీలు

మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు ఆఫీసులో పనిచేస్తాను. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు బియ్యమై, బస్తాలకెక్కి, లారీలో బయలుదేరే దాకా మిల్లులో చేయి తిరిగిన మనుషులు చాలామంది ఉన్నారు. ఏ లారీ ఏ రోజు గేటు దాటాలో చెప్పే పని నాది. అది తెలిసేది మెయిళ్లలోంచే. కొనేవాళ్లు, వాళ్ల అకౌంట్స్ వాళ్లు, వాళ్ల క్వాలిటీ వాళ్లు, మా బస్తాలు ప్రింటు చేసే ఆయన, మా సార్ అందరూ ఒకే సబ్జెక్టు కింద రోజుల తరబడి రాసుకుంటూ పోతారు. అందులోంచి ఎవరు, ఏ పని, ఎప్పటిలోగా చేయాలో నేను తీసి చెప్పాలి.

2024 వానాకాలంలో ఆ పని తప్పాను. ఒక కొనుగోలుదారు ఇంగ్లీషులో రాసిన వాక్యం ఇలా నడిచింది: రెండో లారీ పంపండి, 20వ తేదీన, మొదటి లారీ సరుకు దించి తేమ 14 శాతం లోపు ఉందని మేము తెలియజేసిన మీదట. నా కన్ను 20 దగ్గర ఆగింది. గోడ క్యాలెండరులో 20 చుట్టూ సున్నా చుట్టి, ఆ రోజే లారీ పంపించాను. అప్పటికి మొదటి లారీ బస్తాల్లో కొన్నిటికి తేమ 14.6 వచ్చిందని వాళ్లు మొత్తం సరుకు పక్కన పెట్టారు. రెండో లారీ వాళ్ల గోదాము బయట మూడు రోజులు నిలబడింది. హాల్టింగు డబ్బులు మా మిల్లే కట్టింది. సార్ నన్ను పిలిచి, "మెయిల్లో ఉందామ్మా ఆ మాట?" అని అడిగారు. "ఉంది సార్" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. ఆ మౌనం నాకు చాలా రోజులు గుర్తుంది.

ఆ సాయంత్రం ఆ వాక్యాన్ని తెలుగులో రాసి చూసుకున్నాను. "మొదటి లారీ దించుకుని, తేమ 14 శాతం లోపు ఉందని వాళ్లు రాసి పంపితేనే, రెండో లారీని 20న పంపాలి." ఇంగ్లీషు వాక్యంలో పని ముందు వస్తుంది, తేదీ తర్వాత వస్తుంది, షరతు తోకలాగా చివర వేలాడుతుంది. తొందరలో చదివేవాడికి తేదీ దొరకగానే వాక్యం అయిపోయినట్టే అనిపిస్తుంది. మన భాషలో అలా కుదరదు. 'పంపితేనే' అనే మాట దాటకుండా 'పంపాలి' దాకా వెళ్లలేము. అప్పటి నుంచి ఇంగ్లీషు మెయిళ్లలోంచి తీసిన ప్రతి పనినీ నిండు తెలుగు వాక్యంగా రాసుకోవడం మొదలుపెట్టాను. తేదీలు, పేర్లు విడి ముక్కలుగా రాసుకోవడం మానేశాను. తర్వాత వచ్చిన సంక్రాంతి ఆర్డరుకు అది ఎలా పనిచేసిందో వివరంగా చెబుతాను.

ఆర్డరు బెంగళూరు వైపుది. 2000 బస్తాలు, ఒక్కో బస్తా 26 కిలోలు, మొత్తం 52 టన్నులు, రెండు లారీల్లో. మొదటి మెయిలు 2024 డిసెంబరు 30న వచ్చింది. జనవరి 9, గురువారం సాయంత్రానికి మెయిళ్లు 41 అయ్యాయి. 13 నుంచి 15 వరకు మిల్లుకు పండగ సెలవు. "పండగకు ముందే ఇదంతా ఒక కొలిక్కి తీసుకురా అమ్మా" అన్నారు సార్. లాంగ్ నోట్‌బుక్కు తీసుకుని కూర్చున్నాను.

మొదట చేసే పని, అన్నిటికంటే పాత మెయిలు నుంచి కొత్తదాని వరకు వరుసగా నంబర్లు వేయడం. కొత్తది ముందు చదివితే నాకు పొరపాటు జరుగుతుంది. చివరి మెయిల్లో 'సరే' అని ఉంటే, దేనికి సరే అన్నారో తెలియకుండానే అన్నిటికీ అన్నారనుకుంటాను. నంబరు, రాసినవాళ్లు, తేదీ, అది ఏ నంబరు మెయిలుకు జవాబు అన్న నాలుగూ ఒక్కో గీతలో రాస్తాను. నాలుగోది చాలామంది రాయరు. దాని విలువ ఇక్కడే తెలిసింది.

ఆర్డరు మొదట 25 కిలోల బస్తాలకు వచ్చింది. 25 కిలోలు, అంతకు తక్కువ బరువుతో ముందే ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యం మీద 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది. అందుకే 14వ మెయిల్లో వాళ్ల అకౌంట్స్ ఆవిడ బస్తా 26 కిలోలు చేయమని రాశారు. అయితే 17వ మెయిల్లో కొనుగోలు చూసే ఆయన మళ్లీ 25 అని రాశారు. తేదీని బట్టి చూస్తే 17వదే కొత్తది కాబట్టి అదే చెల్లాలి. నాలుగో గడి చూస్తే మాత్రం ఆ 17వ మెయిలు 9వ దానికి జవాబు. ఆయన 14వ మెయిలు చదవకుండానే పాత మెయిలు తెరిచి జవాబిచ్చారు. కొత్త మెయిలంటే కొత్త నిర్ణయమే అని అనుకుని ఉంటే 2080 బస్తాలు 25 కిలోల అచ్చుతో వచ్చి పడేవి. "26 అనే అర్థం చేసుకుంటున్నాం, సరేనా?" అని ఒక్క వాక్యం రాశాను. మర్నాడు ఉదయమే ఔనని జవాబు వచ్చింది.

నంబర్లు అయ్యాక ఒక్కో మెయిలును విప్పి చదవాలి. 'విప్పి' అని ఎందుకు అంటున్నానంటే, 21వ మెయిలు పైన కనిపించేది "దయచేసి కింద చూడండి" అన్న ఒక్క ముక్కే. కింద మూడు చుక్కల గుర్తు ఉంది. దాన్ని నొక్కితే మా పాత మెయిలు మొత్తం తెరుచుకుంది. దాని లోపల మా ప్రశ్నల మధ్యలో ఎర్ర అక్షరాలతో వాళ్ల జవాబులు ఉన్నాయి. ఆలస్యమైతే కోత ఎంతన్న మా ప్రశ్న పక్కన ఇలా రాశారు: ఆలస్యానికి రోజుల లెక్కన కోత ఉంటుంది, మా అడ్వాన్సు ఆలస్యమై మీకు ఆలస్యమైతే కోత ఉండదు, అయితే అడ్వాన్సు గడువు దాటిన మర్నాటి లోపు ఆ సంగతి మీరు మాకు రాసి ఉండాలి. ఇది షరతుకు మినహాయింపు, ఆ మినహాయింపుకు మళ్లీ ఇంకో షరతు. ఎర్ర రంగు బ్లాక్ అండ్ వైట్ ప్రింటులో నల్లగానే వస్తుంది కాబట్టి, మెయిళ్లను కాగితం మీద ప్రింటు తీసి చదివేవాళ్లకు ఇది మా పాత మాటే అనిపిస్తుంది. ఇలాంటి మెయిళ్లను ఇప్పుడు తెర మీదే చదువుతున్నాను.

ఇక అసలు చిక్కు అడ్వాన్సు తేదీ. 15వ మెయిల్లో, శాంపిల్ ఆమోదించిన మూడు పనిదినాల్లో 30 శాతం అడ్వాన్సు పంపుతామని ఉంది. శాంపిల్ ఆమోదించామని 11వ మెయిలు జనవరి 4న వచ్చింది. మొదటి చూపులో లెక్క తేలికే, 4కు మూడు రోజులు కలపడమే. అయితే 11వ మెయిల్లో ఆమోదం పక్కనే, నడుస్తున్న లాటు ల్యాబ్ రిపోర్టులో నూక 5 శాతం లోపు ఉండాలన్న షరతు ఉంది. అంటే 4న వచ్చింది సగం ఆమోదమే. రిపోర్టు మేము 8న పంపాం. 9న వాళ్ల క్వాలిటీ ఆయన 37వ మెయిల్లో 'బాగుంది' అని ఒక్క మాట రాశారు. ఆ ఒక్క మాటతోనే ఆమోదం పూర్తయింది. నోట్‌బుక్కులో ఇలా రాశాను: "ల్యాబ్ రిపోర్టులో నూక 5 శాతం లోపు ఉందని వాళ్లు ఒప్పుకున్న రోజు నుంచి (11, 37, అంటే 9వ తేదీ) మూడు పనిదినాల లోపు వాళ్లు మాకు అడ్వాన్సు పంపాలి (15)." ప్రతి మాట పక్కన అది ఏ మెయిల్లోదో నంబరు వేస్తాను. రేపు ఎవరైనా అడిగితే వెతుక్కోనక్కర లేదు. అంతకంటే ముఖ్యంగా, నంబరు వేయలేకపోతే ఆ మాట నేను ఊహించి రాశానని నాకే తెలిసిపోతుంది.

మూడు పనిదినాలంటే ఎవరి పనిదినాలు? 10 శుక్రవారం. 11 రెండో శనివారం. 12 ఆదివారం. 13 భోగి, మాకు సెలవు, వాళ్లకు కాదు. 14 సంక్రాంతి, ఇద్దరికీ సెలవు. శనివారం లెక్కలోకి వస్తే గడువు 13, రాకపోతే 15. డబ్బు పంపాల్సింది వాళ్లు కాబట్టి వాళ్ల ఆఫీసు పనిదినాలే లెక్కించాలి. శనివారం వాళ్ల ఆఫీసు తెరుస్తారా అని నేను ఊహించకుండా ఫోను చేసి అడిగాను. రెండో, నాలుగో శనివారాలు సెలవన్నారు. "అయితే గడువు 15, బుధవారం అని రాసుకుంటున్నాను" అని అదే సంగతి మెయిలు కూడా చేశాను. గడువును 'మూడు రోజులు' అని వదిలేయకుండా తేదీ, వారం రెండూ వేసి ఎదుటివాళ్లకు చూపిస్తే, లెక్కలో తేడా ఉంటే అప్పుడే బయటపడుతుంది.

ఆ వాక్యం కింద బస్తాల వాక్యం రాయబోయి ఆగిపోయాను. ప్రింటు చేసే ఆయన 26వ మెయిల్లో, డిజైన్ 10వ తేదీ సాయంత్రం లోపు ఓకే చేస్తేనే బస్తాలు 18కి ఇవ్వగలనని, ఆలస్యమైతే పండగకు వెళ్లిన పనివాళ్లు తిరిగొచ్చాక ఇంకో ఎనిమిది రోజులు పడుతుందని రాశారు. 28వ మెయిలు మా సార్ నా ఒక్కదానికే పంపింది: అడ్వాన్సు పడేదాకా ప్రింటు మొదలుపెట్టించొద్దు. విడివిడిగా చదివినప్పుడు రెండూ న్యాయమైన మాటలే, నేను రెండింటికీ మనసులో తల ఊపాను కూడా. ఒకదాని కింద ఒకటి వాక్యాలుగా పెట్టాక తెలిసింది, రెండూ కలిసి జరగవని. అడ్వాన్సుకు 15 దాకా గడువుంది, డిజైన్‌కు 10 వరకే.

ఇలాంటి చోట రెండు షరతుల్లో ఒకదాన్ని నేనే వదిలేయడం నా పని కాదు. ప్రింటు ఆయనకు ఫోను చేశాను. "అన్నా, డిజైన్ ఓకే అంటే అచ్చు వేసేయమనేనా?" అని అడిగాను. "కాదు మేడం. ఓకే అయితే బ్లాకులు చేయించి పెట్టుకుంటా. పండగ ముందు బ్లాకులు తయారుగా ఉంటే, ఎప్పుడు చెబితే అప్పటి నుంచి నాలుగు రోజుల్లో బస్తాలు ఇస్తా. ప్రింటు మొదలవకపోతే బ్లాకుల ఖర్చు ఒక్కటే మీద పడుతుంది" అన్నారు. అదే మాట సార్‌తో చెప్పాను. బ్లాకుల ఖర్చు వరకు ఆయన ఒప్పుకున్నారు. మెయిల్లో ఒకే పనిలా కనిపించినది నోట్‌బుక్కులో రెండు వాక్యాలైంది: "10 సాయంత్రం లోపు నేను డిజైన్ ఓకే చేయాలి, బ్లాకుల వరకే." "అడ్వాన్సు బ్యాంకులో పడ్డాకే, నేను ప్రింటు మొదలుపెట్టమని చెప్పాలి. చెప్పిన నాలుగు రోజుల్లో ఆయన బస్తాలు ఇవ్వాలి."

అన్నీ రాశాక రెండోసారి వెతుకుతాను. ఈసారి చదవడం కాదు, కంట్రోల్ ఎఫ్ నొక్కి షరతు మాటలను ఒక్కొక్కటిగా వెతకడం: అన్‌లెస్, ప్రొవైడెడ్, సబ్జెక్ట్ టు, ఫెయిలింగ్ విచ్, ఎక్సెప్ట్, అంటిల్. దొరికిన ప్రతిచోటా దానికి సరిపోయే 'అయితేనే', 'కాకపోతే', 'దాకా' నా నోట్‌బుక్కులో ఉందో లేదో చూస్తాను. ఈ వెతుకులాటకూ హద్దు ఉంది. మూడు చుక్కల వెనక మూసి ఉన్నది తెరవకపోతే దొరకదు, అటాచ్‌మెంటులో ఉన్నది అసలే దొరకదు.

35వ మెయిలులో దొరికింది 'అన్‌లెస్'. ఆ ఉదయమే వచ్చింది: "సవరించిన డెలివరీ పట్టిక జతచేశాం. సోమవారం సాయంత్రం లోపు మీ నుంచి అభ్యంతరం రాకపోతే ఇదే ఖాయమైనట్టు భావిస్తాం." ఇందులో మనం చేయాల్సిన పని ఏదీ కనిపించదు. ఎవరికీ ఏ పనీ అప్పజెప్పలేదు. అందుకే పనుల కోసం వెతికే కన్నుకు ఇది ఆనదు. నా మొదటి చదువులో నేనూ దాటేశాను. ఏమీ చేయకపోవడమే ఇక్కడ ఒప్పుకోవడం. ఎక్సెల్ పట్టిక తెరిచి, ఆర్డరు కాగితం పక్కన పెట్టి గడి గడీ పోల్చాను. మొదటి లారీ వాళ్ల గోదాముకు చేరాల్సిన తేదీ 24 నుంచి 22కు మారింది. మెయిలు ఒంట్లో ఆ మార్పు గురించి ఒక్క ముక్క లేదు. సోమవారమంటే 13, భోగి. మా ఆఫీసుకు తాళం వేసి ఉండే రోజు. అడ్వాన్సు 15న పడితే, 16 నుంచి నాలుగు రోజులు ప్రింటుకు పోతే బస్తాలు 19న వస్తాయి. నింపి, కుట్టి, ఎత్తి 22కు బెంగళూరులో దించడం కష్టం, డబ్బు ఒక్కరోజు ఆలస్యమైనా అసాధ్యం.

ఇలాంటివాటికి ఇప్పుడు నోట్‌బుక్కులో విడిగా ఒక పేజీ పెట్టాను. పైన "ఊరుకుంటే ఏమవుతుంది" అని రాసి ఉంటుంది.

శుక్రవారం ఉదయం సార్‌కు నోట్‌బుక్కు చూపించి, అందరికీ ఒక మెయిలు రాశాను. 22 కుదరదని, 24కే కట్టుబడి ఉంటామని మొదటి వాక్యంలోనే చెప్పాను. తర్వాత ఎవరి పనులు వాళ్ల పేరు కింద, షరతు ముందు, తేదీ చివర వచ్చేలా రాశాను. ఇంగ్లీషులో రాసినా ఆ వరుస మార్చలేదు. 'ఇఫ్'తో, 'ఆఫ్టర్'తో వాక్యం మొదలుపెట్టాను. సార్ నాకు విడిగా రాసిన మాట అందులో పెట్టలేదు. ఒకరికే రాసింది అందరికీ వెళ్లే మెయిల్లోకి జారకుండా చూసుకోవడం కూడా ఈ పనిలో భాగమే. మధ్యాహ్నానికి 24కు ఒప్పుకున్నట్టు జవాబు వచ్చింది. రెండో లారీ గురించి వాళ్లు ఒక మాట కలిపారు: మొదటి లారీకి క్వాలిటీ క్లియరెన్సు వచ్చాకే బయలుదేరాలి, 28కి ముందు మాత్రం చేరకూడదు, గోదాములో సరుకు లెక్కింపు ఉంది. ఈసారి గడువు 'లోపు' కాదు, 'ముందు వద్దు'. దాన్నీ అలాగే రాసుకున్నాను.

15 రాత్రి దాకా అడ్వాన్సు పడలేదు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి సెలవు రోజుల్లోనూ రాత్రింబవళ్లు నడుస్తోంది కాబట్టి, బ్యాంకు సెలవని చెప్పుకోవడానికి లేదు. 16 ఉదయం ఆఫీసు తెరవగానే మా గుమాస్తా ఖాతా చూసి, రాలేదన్నారు. మరో రెండు రోజులు చూద్దామని కూడా అన్నారు, పాత పార్టీ, డబ్బు ఎక్కడికీ పోదని. ఆయన మాట నిజమే. అయితే ఎర్ర అక్షరాల షరతు గడువు ఆ రోజే. రెండు వాక్యాల మెయిలు పంపాను: 15న రావాల్సిన అడ్వాన్సు అందలేదు, అందిన రోజును బట్టి మా తేదీ జరుగుతుంది. డబ్బు 17న పడింది. ఆ మధ్యాహ్నమే ప్రింటు మొదలుపెట్టించాను. బస్తాలు 21న వచ్చాయి. మిల్లువాళ్లు ఎంత కష్టపడినా మొదటి లారీ 25న గానీ చేరలేదు, ఒక రోజు ఆలస్యం. వాళ్ల అకౌంట్స్ ఆవిడ బిల్లులో ఒక రోజు కోత వేసి పంపారు. 21వ మెయిలు, 16న నేను రాసిన మెయిలు రెండూ జతచేసి పంపాను. మర్నాడు కోత లేని బిల్లు వచ్చింది.

26 సాయంత్రానికి రెండో లారీ లోడై, తాడు బిగించి, కాటా మీద తూకం వేయించుకుని గేటు దగ్గర నిలబడింది. డ్రైవరు వచ్చి, "మేడం, బయలుదేరమంటారా? ఇప్పుడు పోతే రాత్రి చల్లగా నడుపుకుంటా" అని అడిగాడు. క్లియరెన్సు మెయిలు రాలేదు. ఫోనులో మాత్రం, అంతా బాగానే ఉంది, రేపు రాస్తామన్నారు. "రాసి వచ్చాక పంపుతాను తమ్ముడూ, ఈ రాత్రికి ఇక్కడే పడుకో" అన్నాను. 27 ఉదయం పదింటికి మెయిలు వచ్చింది: మొదటి లారీ తేమ 13.2, నూక 4 శాతం, సరుకు ఒప్పుకున్నాం. ఆ మెయిలు నంబరు నోట్‌బుక్కులో చివరి వాక్యం పక్కన రాసి, గేట్‌పాస్ మీద సంతకం పెట్టాను.